అద్దం వెనక ఏముండాలి, ఏముండకూడదు

థైరాయిడ్ మాత్రల సీసా చాలా ఇళ్లలో బాత్రూమ్ అద్దం వెనకే ఉంటుంది. ఆ మాత్రను పొద్దున్నే పరగడుపున, కాఫీకి అరగంటో గంటో ముందు వేసుకోమని డాక్టర్లు చెబుతారు. లేవగానే వెళ్లేది బాత్రూమ్‌కే కాబట్టి, టూత్‌బ్రష్ పక్కన సీసా ఉంటే మరిచిపోకుండా వేసుకుంటామని ఇంట్లోవాళ్ల ఆలోచన. ఆలోచన మంచిదే. ఎంచుకున్న చోటే ఆ మాత్రకు పడదు.

ఆ మాత్రలో ఉండే మందు లివోథైరాక్సిన్. వేడి, వెలుతురు, తేమ మూడూ దానికి గిట్టవు. పైగా మోతాదు చాలా చిన్నది. 50 మైక్రోగ్రాముల మాత్రలో అసలు మందు గ్రాములో ఇరవై వేలవ వంతు మాత్రమే, మిగిలినదంతా మాత్రకు రూపం ఇవ్వడానికి కలిపిన పొడి. ఇంత చిన్న మోతాదులో కొద్దిపాటి తరుగు కూడా ఒంటికి తెలుస్తుంది. అందుకే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007లో ఈ మాత్రల విషయంలో నిబంధన బిగించింది. అంతకు ముందు మాత్రలో మందు, చీటీ మీద రాసిన దానిలో 90 నుంచి 110 శాతం మధ్య ఉంటే ఒప్పుకునేవారు. ఆ తర్వాత గడువు తేదీ ముగిసేదాకా 95 నుంచి 105 శాతం మధ్యే ఉండాలన్నారు. కంపెనీ అంత కచ్చితంగా తయారుచేసి పంపిన సీసాను మనం తీసుకెళ్లి గీజర్ కింద పెడుతున్నాం.

మన దగ్గర ఈ మాత్రలు వంద, నూట ఇరవై చొప్పున సీసాల్లోనూ వస్తాయి. అంటే ఒకే సీసా మూడు నాలుగు నెలలు నడుస్తుంది, రోజూ ఒకసారి మూత తెరుచుకుంటుంది. తెరిచిన ప్రతిసారీ లోపలి పొడిగాలి కొంత బయటికి పోయి, బాత్రూమ్‌లోని తడిగాలి లోపలికి వెళుతుంది. సీసాలో ఉండే చిన్న తెల్ల పొట్లం, లేదా మూతలో అమర్చిన గుళికల డబ్బీ, ఆ తేమను పీల్చుకోవడానికే. దాని శక్తికీ ఒక హద్దు ఉంది. అది నిండిపోయాక తేమ మాత్రల మీద పడుతుంది. కొందరు ఆ పొట్లాన్ని చెత్త అనుకుని మొదటి రోజే పారేస్తారు. దయచేసి ఉంచండి.

గదిలో గాలి ఎంత తడి

బాత్రూమ్‌లో ఎంత తేమ చేరుతుందో లెక్క వేసి చూడొచ్చు. అయిదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, తొమ్మిదడుగుల ఎత్తున్న గదిలో దాదాపు 10 ఘనమీటర్ల గాలి పడుతుంది. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనమీటరు గాలి ఎక్కువలో ఎక్కువ 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. అంటే గది మొత్తానికి 300 గ్రాములు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి ఊళ్లలో గాలిలో తేమ 70 శాతం ఉండటం మామూలే. ఆ రోజున గదిలో 210 గ్రాముల ఆవిరి ముందే ఉంది. ఇంకో 90 గ్రాములు చేరితే గాలి నిండిపోతుంది. అది అరగ్లాసు నీళ్లు కూడా కాదు. వేణ్ణీళ్ల బకెట్, తడిసిన గోడలు, నేల, తువ్వాలు కలిసి ఆ పాటి ఆవిరిని సులువుగా ఇస్తాయి. అద్దం మీద పొగమంచు పట్టిందంటే అక్కడి గాలి నిండిపోయిందని అర్థం.

గది తలుపు తీశాక బయటి ఆవిరి త్వరగానే పోతుంది. అద్దం వెనకున్న అలమరలోది పోదు, ఎందుకంటే దాని తలుపు మూసే ఉంటుంది. స్నానం చేస్తూ సబ్బుకో రేజర్‌కో తలుపు తీసినప్పుడు లోపలికి దూరిన తడిగాలి రాత్రికి అక్కడే చల్లబడుతుంది. 30 డిగ్రీల నుంచి 25కు దిగితే గాలి మోయగలిగే ఆవిరి ఘనమీటరుకు 30 గ్రాముల నుంచి 23కు పడిపోతుంది. మిగిలింది నీరై ఎక్కడో ఒకచోట కూర్చోవాలి. అలమర చిన్నది కనుక అది కొన్ని చుక్కలే. ఆ కొన్ని చుక్కలు మాత్రల అట్ట మీద, బందుల సందులో, రేజర్ బ్లేడు అంచున రోజూ కూర్చుంటాయి. హైదరాబాద్‌లో వేసవిలో గాలి పొడిగా ఉన్నప్పుడు ఈ ఇబ్బంది తక్కువే. వానాకాలంలో అక్కడా తప్పదు.

తేమ తగిలిన మాత్రలన్నీ ఒకేలా చెడవు. ఆస్పిరిన్ తడికి విడిపోయి సాలిసిలిక్ ఆమ్లం, వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లంగా మారుతుంది. అందుకే పాతబడిన ఆస్పిరిన్ అట్ట చించితే పుల్లటి వాసన వస్తుంది. ఆ వాసన వస్తే పారేయడమే. గుండెజబ్బు ఉన్నవాళ్లకు రోజూ వేసే 75 మిల్లీగ్రాముల మాత్ర ఇదే కాబట్టి ఈ గుర్తు ఇంట్లో అందరికీ తెలిసి ఉండటం మంచిది. జిలాటిన్ గొట్టాలు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. నీళ్లలో వేస్తే బుసబుసలాడే మాత్రలు గొట్టంలోనే సగం పొంగి ఊరుకుంటాయి. ఓఆర్‌ఎస్ పొట్లానికి చిల్లు పడితే పొడి గడ్డకడుతుంది. ఉబ్బసానికి పరికరంలో పెట్టి పీల్చే పొడి మందు ముద్దకడితే ఊపిరితిత్తుల దాకా వెళ్లదు, నోట్లోనే ఆగుతుంది. చక్కెర పరీక్షకు వాడే స్ట్రిప్పులు తేమ తగిలితే తప్పు అంకె చూపిస్తాయి. ఆ అంకెను నమ్మి ఇన్సులిన్ మోతాదు మార్చుకునేవాళ్లు ఉంటారు కనుక, నా దృష్టిలో ఇది అన్నిటికంటే ప్రమాదం.

థైరాయిడ్ మాత్ర విషయంలో చిక్కేమిటంటే, బలం తగ్గినా చూపుకు మామూలుగానే ఉండొచ్చు. మచ్చలు పడటం, పొడిపొడిగా రాలడం కనిపిస్తే మంచిదే, కనీసం అనుమానం వస్తుంది. ఏ గుర్తూ లేకుండా చెడినప్పుడు తెలిసేది రక్తపరీక్షలోనే. మాత్ర మానలేదు, బరువు మారలేదు, కొత్త మందులేవీ కలవలేదు, అయినా టీఎస్‌హెచ్ పెరిగింది. అలాంటప్పుడు సీసా ఎక్కడ పెడుతున్నారో కూడా డాక్టర్‌కు చెప్పండి. మోతాదు పెంచడానికి ముందు కొత్త సీసాతో కొన్ని వారాలు చూడాలా అని వారు ఆలోచించగలుగుతారు.

మరి ఆ సీసా ఎక్కడ ఉండాలి? పడకగదిలో, ఎండ పడని బీరువా అరలో, పక్కనే రాత్రి నింపి పెట్టుకున్న మంచినీళ్ల సీసాతో. లేచి బాత్రూమ్‌కు వెళ్లేలోపే మాత్ర అయిపోతుంది, కాఫీకి ముందు గడువూ దొరుకుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ అరకు తాళం ఉండాలి. ఫ్రిజ్ ఇంకా మంచిది కదా అని కొందరు అక్కడ పెడతారు. డాక్టరో మందుల చీటీయో చెప్పినవి తప్ప మిగతావి అక్కడ వద్దు. చల్లటి సీసాను బయటికి తీసి మూత తెరిస్తే గదిలో తడిగాలి మాత్రల మీదే నీరవుతుంది. వంటింట్లో పొయ్యి పక్క అర కూడా ఇలాగే పనికిరాదు, అక్కడ వేడీ ఆవిరీ రెండూ ఉంటాయి.

అట్టల సంగతి ఒకటి చెప్పాలి. పాకెట్లో పడతాయని మాత్రల అట్టను కత్తెరతో ముక్కలు చేయడం మనకు అలవాటు. కత్తెర ఒక్కోసారి మాత్ర గూటి అంచును కోస్తుంది, కంటికి కనిపించని సందు పడుతుంది, ఆ సందులోంచి తేమ దూరుతుంది. గడువు తేదీ ఉన్న ముక్కను ముందే వాడేస్తే మిగిలినవి ఎప్పటివో ఎవరికీ తెలియదు. కత్తిరించక తప్పకపోతే రెండు గూళ్ల మధ్య బాగా ఎడంగా కత్తిరించి, తేదీ ఉన్న ముక్కను చివరిదాకా ఉంచాలి. రెండు వైపులా అల్యూమినియం రేకే ఉన్న అట్టలు తేమను బాగా ఆపుతాయి. ఒకవైపు మాత్ర కనిపించేలా ప్లాస్టిక్ ఉన్నవి అంత బాగా ఆపలేవు. ప్లాస్టిక్ గుండా తేమ నెమ్మదిగా చొరబడుతూనే ఉంటుంది.

అక్కడే ఉండదగినవి

మందులు వెళ్లిపోతే అద్దం వెనక బోలెడు చోటు మిగులుతుంది. అక్కడ హాయిగా ఉండగలిగేవి టూత్‌పేస్టు, దువ్వెన, గెడ్డం క్రీము, రేజర్లు, కొన్ని సౌందర్య సాధనాలు. గాయానికి అంటించే పట్టీలు, యాంటీసెప్టిక్ ద్రావణం కూడా మూత గట్టిగా ఉంటే ఉండొచ్చు.

రేజర్‌కు కావలసింది ఆరే చోటు. గెడ్డం గీసుకున్నాక బ్లేళ్ల మధ్య ఇరుక్కున్న వెంట్రుకలు, నురగ పోయేదాకా కడిగి, నీళ్లు దులిపి, తల పైకి ఉండేలా నిలబెట్టాలి. తడి రేజర్‌కు ప్లాస్టిక్ మూత తొడిగి అలమరలో పడుకోబెడితే ఆ నీరు అక్కడే ఉంటుంది. బ్లేడు మొద్దుబారడానికి తుప్పు ఒక్కటే కారణం కాదు. అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2020లో సూక్ష్మదర్శిని కింద గెడ్డం గీసి చూశారు. ఉక్కు కంటే ఎంతో మెత్తనిదైన వెంట్రుకే, తగిలే కోణాన్ని బట్టి, బ్లేడు అంచును పెచ్చులు ఊడగొడుతుందని తేలింది. కాబట్టి ఎంత ఆరబెట్టినా బ్లేడు ఏదో ఒకనాడు మార్చాల్సిందే. ఆరబెట్టడం వల్ల తుప్పు ఆగుతుంది, మిగిలిన నురగలో సూక్ష్మక్రిములు పెరగవు.

ఇంట్లో ఇద్దరు మగవాళ్లుంటే రెండు రేజర్లు, వేర్వేరు రంగుల్లో, వేర్వేరు అరల్లో ఉండాలి. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. గెడ్డం గీసుకునేటప్పుడు పడే గాటు కంటికి కనిపించనంత చిన్నదైనా దానికి చాలు. తండ్రి రేజర్ కొడుకు వాడటం, అన్న రేజర్ తమ్ముడు వాడటం ప్రేమ కొద్దీ జరిగేదే అయినా మానాలి.

వాడిన బ్లేళ్ల సంగతి. అమెరికాలో పాతకాలపు ఇళ్ల మందుల అలమర వెనక గోడలో సన్నటి చీలిక ఉండేది. వాడిన బ్లేడును అందులోంచి జారవిడిస్తే గోడ బోలులో పడేది. ఇప్పుడు ఆ ఇళ్లు పడగొట్టేవాళ్లకు గోడల్లో తుప్పుపట్టిన బ్లేళ్ల కుప్పలు దొరుకుతుంటాయి. మన గోడలు బోలు కావు కనుక ఆ దారి లేదు. మన దగ్గర బ్లేడు కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేస్తారు. అది చెత్త వేరుచేసే కార్మికుల చేతికి కోసుకుంటుంది. మూత గట్టిగా బిగిసే ఖాళీ ప్లాస్టిక్ డబ్బా ఒకటి పెట్టుకుని, మూతకు చిన్న గాటు చేసి, అందులో వేస్తూ పోండి. నిండాక గాటు మీద టేపు అంటించి, పైన ‘బ్లేడ్లు’ అని పెద్ద అక్షరాలతో రాసి, తడి చెత్తలోనూ పొడి చెత్తలోనూ కలపకుండా విడిగా ఇవ్వండి. కాలం చెల్లిన మందులకు, వాడిన సూదులకు కూడా అదే పద్ధతి. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు వాటిని ఇంటి ప్రమాదకర వ్యర్థాల కింద లెక్కించాయి.

సౌందర్య సాధనాల్లో నీళ్లు కలిసినవే ముందు చెడతాయి. వెడల్పు మూతి డబ్బాలోని క్రీములో రోజూ తడివేలు ముంచితే, కంపెనీ కలిపిన సంరక్షక రసాయనం కొంతకాలానికి ఓడిపోతుంది. గొట్టంలో వచ్చే క్రీముకు ఈ భయం తక్కువ. డబ్బా అడుగున మూత తెరిచిన గిన్నె బొమ్మ, అందులో 6, 12, 24 లాంటి అంకె ఉంటుంది. తెరిచాక అన్ని నెలల్లో వాడేయాలని దాని భావం. తెరిచిన నెలను బాల్‌పెన్‌తో డబ్బా మీదే రాసుకుంటే తర్వాత తడుముకోనక్కర్లేదు. కంటికి పెట్టేవాటిలో మస్కారాకు మూడు నెలలే చాలంటారు. కాటుకనూ అదే జాగ్రత్తతో, ఒకరిది ఒకరు వాడకుండా ఉంచాలి.

ఇంట్లో కొట్టించిన సున్నిపిండి, శీకాకాయ పొడి మాత్రం అద్దం వెనక వద్దు. వాటిలో సంరక్షకం ఏదీ ఉండదు. తేమ తగిలితే బూజు పడుతుంది, పురుగు పడుతుంది. పెద్ద డబ్బా పొడిగదిలో ఉంచి, వారానికి సరిపడా చిన్న డబ్బీలోకి పొడి చెంచాతో తీసుకుని స్నానానికి తీసుకెళ్లొచ్చు. గోళ్ల రంగు తుడిచే ద్రవం మండుతుంది కనుక గీజర్‌కు దూరంగా ఉండాలి. జుట్టుకు వేసే రంగు తాళం ఉన్నచోటే ఉండాలి. నల్లరంగుల్లో ఉండే ఒక రసాయనం మింగితే గొంతు వాచి ఊపిరి ఆడదు, మూత్రపిండాలూ దెబ్బతింటాయి. పిల్లలు అది నోట్లో పెట్టారని అనుమానం వచ్చినా వాంతి చేయించే ప్రయత్నాలు చేయకుండా, 108కి ఫోన్ చేసి, సీసా వెంట పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి.

అద్దం ఎంత ఎత్తున

కార్పెంటర్‌ను అడిగితే ‘అందరూ పెట్టినట్టే పెడతాను సార్’ అంటాడు. అందరిదీ ఒకే ఎత్తు కాదు కనుక, ఇంట్లో వాళ్ల కొలతలు తీసి గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి ఇవ్వడం మేలు. ఒక ఇల్లు తీసుకుందాం. భర్త 170 సెంటీమీటర్లు, భార్య 155, అత్తగారు 148. ఆరేళ్ల పాప ఉంది.

మనిషి కన్ను నడినెత్తి కంటే దాదాపు 12 సెంటీమీటర్లు కిందుంటుంది. కాబట్టి కళ్ల ఎత్తులు వరుసగా 158, 143, 136. నిటారుగా ఉన్న అద్దంలో మన నడినెత్తి కనిపించాలంటే, అద్దం పైఅంచు కంటికీ నడినెత్తికీ సరిగ్గా మధ్య ఎత్తు దాకా ఉండాలి. మనం దగ్గరగా నిలబడినా వెనక్కి జరిగినా ఈ లెక్క మారదు. భర్తకు అది 158, 170 మధ్య, అంటే 164. కింది అంచు లెక్క పొట్టివాళ్లతో తేల్చాలి. అత్తగారికి భుజం మీద చీర కుచ్చిళ్లు, మెడలో గొలుసు కనిపించాలంటే నేల నుంచి 110 దాకా చూపు పోవాలి. 136, 110 మధ్య 123. కాబట్టి ఈ ఇంటికి అద్దం 123 నుంచి 164 దాకా తప్పకుండా ఉండాలి. 60 సెంటీమీటర్ల ఎత్తున్న అలమరను 115 నుంచి 175 దాకా బిగిస్తే, రెండువైపులా కొంత ఎడం మిగులుతూ అందరికీ సరిపోతుంది.

ఇప్పుడు కింద ఏముందో చూడాలి. వాష్ బేసిన్ అంచు మామూలుగా 80 నుంచి 85 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. దాని మీద కుళాయి ఇంకో 15 లేస్తుందనుకుంటే కుళాయి తల 100 దగ్గరికి వస్తుంది. అలమర అడుగు 115లో ఉంటే మధ్యలో 15 సెంటీమీటర్లు. కుళాయి తిప్పడానికి చెయ్యి ఆడుతుంది, చిందిన నీళ్లు అలమర అడుగు చెక్కను రోజూ తడపకుండా ఉంటాయి. అంతకంటే దగ్గరైతే అడుగు చెక్క ముందుగా ఉబ్బుతుంది. లోతు 12 సెంటీమీటర్లు చాలు. ఎక్కువైతే ముఖం కడుక్కుని తల ఎత్తినప్పుడు నుదురు తగులుతుంది, వెనక వరుసలో ఏముందో కూడా కనిపించదు.

లోపల అడుగు 115లో, రెండో అర 135లో, మూడోది 155లో వస్తాయి. బేసిన్ ముందు నిలబడి దాని మీదుగా చెయ్యి చాచాలి కాబట్టి మామూలుగా అందే ఎత్తు కంటే ఇక్కడ తక్కువే అందుతుంది. అత్తగారివి అడుగున, భార్యవి మధ్యలో, రేజర్లు పై అరలో పెట్టాలి. ఇక్కడ పాప సంగతి మరవకూడదు. ఆరేళ్ల పాప 115 సెంటీమీటర్లు ఉంటే, చెయ్యి పైకెత్తితే 135 దాటి అందుతుంది. కమోడ్ మూత 40 సెంటీమీటర్ల ఎత్తు. అది పక్కనే ఉంటే ఎక్కి నిలబడి 175 అందుకోగలదు. పై అర ఎత్తుగా ఉందన్నది పిల్లల విషయంలో భద్రత కాదు. బాత్రూమ్ తలుపు మూసుకుంటే లోపల ఏం చేస్తున్నారో మనకు కనిపించదు కూడా. అందుకని రేజర్లున్న అరకు, లోపల బిగించి బయటి నుంచి అయస్కాంతంతో మాత్రమే తెరుచుకునే పిల్లల తాళమైనా, మామూలు చిన్న తాళమైనా పెట్టించాలి.

గోడకు చిల్లు వేసే ముందు ప్లంబర్ చేత పైపులు ఎటు పోయాయో చెప్పించుకోండి. కుళాయికి, గీజర్‌కు వెళ్లే పైపులు గోడలో సాధారణంగా నిలువుగా పోతాయి. బేసిన్ మధ్య గీత మీద, గీజర్ కింద గీత మీద చిల్లు వేయకపోతే సగం ప్రమాదం తప్పుతుంది. అలమర వెనక చెక్కకూ టైలుకూ మధ్య అర సెంటీమీటరో ఒకటో ఖాళీ వదిలి, అడుగునా పైనా చిన్న గాలి చిల్లులు పెట్టిస్తే లోపలి తేమకు దారి దొరుకుతుంది. స్నానం అయ్యాక ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ను ఒక పావుగంట తిరగనివ్వాలి. తడి గోడలు ఆవిరిని ఇస్తూనే ఉంటాయి కాబట్టి ఒకటి రెండు నిమిషాలు చాలవు.

తలుపు బరువు, బందుల తుప్పు

ఈ అలమర తలుపు 45 సెంటీమీటర్ల వెడల్పు, 60 ఎత్తు అనుకుందాం. అద్దం గాజు ఒక మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకు రెండున్నర కిలోలు తూగుతుంది. 4 మిల్లీమీటర్ల అద్దమైతే ఈ తలుపు మీద 2.7 కిలోలు. దాని వెనక 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఇంకో మూడు కిలోల పైమాటే. మొత్తం ఆరు కిలోలకు అటూ ఇటూ. రెండు బందులు మోయగల బరువుకు ఇది అంచు. మూడో బంధం వేయించడం, లేదా తలుపును రెండు రెక్కలుగా చేయించడం మంచిది.

బరువు తగ్గుతుందని చెక్కను 12 మిల్లీమీటర్లకు దించితే వేరే చిక్కు. ఇప్పుడు అందరూ వాడే దాగుడు బందులకు తలుపులో 35 మిల్లీమీటర్ల వెడల్పు గుంట తొలవాలి. దాని లోతు దాదాపు 12 మిల్లీమీటర్లు. పలుచటి చెక్కయితే డ్రిల్లు సరాసరి అద్దం వెనక పూతను గీస్తుంది. అక్కడి నుంచి నల్లమచ్చ మొదలై విస్తరిస్తుంది. 16 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అద్దం అంటించే సిలికాన్ కూడా చూసి కొనాలి. పూసేటప్పుడు ఘాటైన వెనిగర్ వాసన వేసే రకం అద్దం పూతనూ లోహాన్నీ తింటుంది. న్యూట్రల్ సిలికాన్ అని అడగాలి. చెక్క విషయానికొస్తే, ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లైవుడ్ కానీ, పీవీసీ ఫోమ్ బోర్డు కానీ తీసుకోండి. మామూలు ఎండీఎఫ్ ఒకసారి నీరు తాగి ఉబ్బితే మళ్లీ మామూలు కాదు, స్క్రూలు పట్టు వదులుతాయి.

షాపులో చవకగా దొరికే బందులు మామూలు ఉక్కుకు నికెల్ పూత వేసినవి. వంటింటి అల్మారాకు ఏళ్ల తరబడి పనిచేస్తాయి. బాత్రూమ్‌లో వాటి తుప్పు మెరిసే పైభాగంలో మొదలవదు. పూత సరిగా చేరని చోట, కోసిన అంచుల్లో, రివెట్టు చుట్టూ, లోపలి స్ప్రింగులో మొదలవుతుంది. కిర్రుమనే శబ్దం, తెల్ల లామినేట్ మీద గోధుమరంగు చార, మూసేటప్పుడు కాస్త బిగుతు, ఇవే తొలి గుర్తులు. ఎస్‌ఎస్ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ బందులు అడిగి కొనండి. ఇందులో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. అయస్కాంతం గట్టిగా అంటుకుంటే అది 304 కాదు. అంటుకోకపోతే 304 అని మాత్రం నమ్మకండి. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన చవకరకం 202కు కూడా అయస్కాంతం అంటదు. బిల్లు మీద 304 అని రాయించుకోవడం, పెట్టె మీద గుర్తు చూడటమే దారి. స్క్రూలు కూడా స్టెయిన్‌లెస్‌వే కావాలి. 304 బంధానికి మామూలు స్క్రూలు బిగిస్తే స్క్రూ తలలు ముందు తుప్పుపట్టి, కొన్నాళ్లకు తిప్పడానికి కూడా రావు. నెమ్మదిగా మూసుకునే రకానికి కొంచెం ఎక్కువ ధర పెట్టినా, అద్దం తలుపుకు అది తగిన ఖర్చు. పిల్లలు విసిరి మూసినా గాజు అదరదు.

అయితే 304ను కూడా ఓడించేది ఒకటి మన ఇళ్లలోనే ఉంది. అది టైళ్లు కడిగే యాసిడ్. దాని నుంచి లేచే హైడ్రోక్లోరిక్ ఆవిరి స్టెయిన్‌లెస్ స్టీల్ మీద సూదిమొన గుంటలు పెడుతుంది. సముద్రపు ఉప్పుగాలి చేసే పనే ఇది, ఇంకా త్వరగా చేస్తుంది. పనిమనిషి వారం వారం యాసిడ్ పోసే ఇళ్లలో బందులు త్వరగా పాడవుతాయి, సముద్రానికి ఎంత దూరంలో ఉన్నా సరే. యాసిడ్ మానేసి మరకలకు మెత్తటి సబ్బుద్రావణం వాడితే మంచిది. వాడక తప్పకపోతే అలమర తలుపు మూసి, ఫ్యాన్ వేసి, కడగడం అయ్యాక బందులను తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడవాలి. బ్లీచింగ్ పౌడర్‌తో మాత్రం యాసిడ్‌ను ఎప్పుడూ కలపకూడదు, క్లోరిన్ విషవాయువు పుడుతుంది.

కొన్నేళ్లకు తలుపు ఒక మూల కిందికి వాలితే, బంధం మార్చే ముందు కారణం తెలుసుకోవాలి. తలుపు సగం తెరిచి, బందులకు దూరంగా ఉన్న కింది మూలను చేత్తో కొద్దిగా ఎత్తండి. ఎత్తినప్పుడు గోడవైపు చెక్కకు బిగించిన పలక కదిలితే లోపం స్క్రూ పట్టులో ఉంది. పలక కదలకుండా మధ్య చెయ్యి ఊగితే రివెట్టు అరిగింది, ఆ బంధం మార్చాల్సిందే. రెండూ గట్టిగా ఉండి తలుపు మాత్రమే వాలిందంటే బంధం మీదున్న సర్దుబాటు స్క్రూ తిప్పితే చాలు. ఒకటి తలుపును పక్కకు జరుపుతుంది, ఒకటి లోపలికి బయటికి, ఇంకోటి పైకి కిందికి. పావు మలుపు తిప్పి చూసుకుంటూ వెళ్లాలి. ప్లైవుడ్‌లో స్క్రూ రంధ్రం పెద్దదైతే అగ్గిపుల్లల కర్రకు ఫెవికాల్ రాసి దిగగొట్టి, ఒక రోజు ఆరనిచ్చి మళ్లీ బిగించొచ్చు. ఉబ్బిన ఎండీఎఫ్‌లో ఈ కిటుకు నిలవదు. పలకనూ, తలుపులోని గుంటనూ కలిపి అయిదు సెంటీమీటర్లు పైకో కిందకో జరిపి గట్టి చోట కొత్త రంధ్రాలు వేయాలి. కిర్రుమంటుంటే కుట్టుమెషీన్ నూనె ఒక్క చుక్క రివెట్టు మీద వేసి, తలుపును పది పన్నెండుసార్లు తెరిచి మూసి, కారినది తుడిచేయాలి. కొబ్బరినూనె వేయొద్దు, అది కొన్నాళ్లకు జిగటగా మారి దుమ్మును పట్టుకుంటుంది.